క్రియ చివర ప్రత్యయం ఉంది కాబట్టే కర్తను వదిలేస్తున్నామా? అపోహలు - వాస్తవాలు

నెట్ పరీక్షకి చదివేవాళ్లకి భాషాశాస్త్రం చెబుతాను, మిగతా టైంలో ఇక్కడ శ్రీకాకుళంలో తెలుగు వాంగ్మూలాలు, సర్వే ఇంటర్వ్యూలు ఇంగ్లీషులోకి అనువదిస్తాను. రెండు పనుల్లోనూ ఒక మాట విసుగొచ్చేంతగా ఎదురవుతోంది. "తెలుగు ప్రో-డ్రాప్ భాష. వచ్చాను అంటే నేను, వచ్చావు అంటే నువ్వు, వచ్చాడు అంటే వాడు. కర్త ఎవరో క్రియే చెప్పేస్తుంది, అందుకే కర్తను వదిలేయొచ్చు." గైడ్లలో ఇదే, కోచింగ్ నోట్సుల్లో ఇదే, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోతున్నారు. సగం నిజం ఉన్న మాట కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది. మిగతా సగం వల్ల నష్టపోయేవాళ్లని నేను చూస్తున్నాను, అందుకే దాని మీదే ఎక్కువ రాస్తాను.

అపోహ: క్రియలో అన్వయం ఉంటేనే కర్త లోపిస్తుంది

అన్వయం అంటే కర్తని బట్టి క్రియ చివర మారడం. ఈ మాట తేల్చడానికి ఇటాలియన్ లాంటి పరాయి భాషల దాకా వెళ్లక్కర్లేదు. "వచ్చు" అనే ఒక్క క్రియ తీసుకుని వ్యతిరేక రూపాలు రాసి చూడండి.

భవిష్యత్తుకి: నేను రాను, నువ్వు రావు, వాడు రాడు, ఆమె రాదు, వాళ్లు రారు. ప్రత్యయాలన్నీ ఉన్నాయి.

గడిచిన కాలానికి: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, ఆమె రాలేదు, మేం రాలేదు, వాళ్లు రాలేదు. ఒక్కటే రూపం. మన వైపు రానేదు అన్నా అంతే, ఎవరికైనా రానేదే.

ఇప్పుడు ఆ సూత్రం నిజమే అనుకుందాం. అప్పుడు "రాను" దగ్గర కర్తను వదిలేయొచ్చు, "రాలేదు" దగ్గర మాత్రం నేనో, వాడో, వాళ్లో తప్పనిసరిగా పలకాలి. మీ ఇంట్లో ఎవరైనా అలా పలుకుతున్నారా? "నిన్న పెళ్లికి వెళ్లారా?" అంటే "వెళ్లలేదు" అంటాం. "మీ తమ్ముడు డబ్బు పంపాడా?" అంటే "పంపలేదు". రెండు చోట్లా కర్త లేదు, ప్రత్యయమూ లేదు, అయినా వినేవాడికి ఎక్కడా ఇబ్బంది రాలేదు. భాష ఒకటే, మాట్లాడేవాళ్లు వాళ్లే, క్రియ కూడా అదే. ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష దొరకదు.

"లేదు" ఇలా ఎందుకు బిగుసుకుపోయిందో కూడా చూడాలి. ఇంట్లో లేను, లేవు, లేడు, లేరు అన్నప్పుడు ఇదే మాట కర్తతో పాటు మారుతుంది. "రా" అనే తుమున్ రూపానికి చేరి, జరగలేదు అనే అర్థమిచ్చేటప్పుడు మాత్రం "లేదు" దగ్గరే ఆగిపోయింది. శక్తి లేదు అనే అర్థం వస్తే మళ్లీ కదులుతుంది: రాలేను, రాలేవు, రాలేడు. అందుకే "ఆమె రాలేదు" అంటే రాకుండా ఉండిపోయిందా, వచ్చే స్థితిలో లేదా అన్నది సందర్భాన్ని బట్టే తెలుసుకోవాలి.

రాలేదు ఒక్కటే కాదు. రావాలి, రావచ్చు, రాకూడదు, వద్దు, వీటిలో వేటికీ పురుష ప్రత్యయాలు లేవు. "తెలుసు" కూడా అంతే, పైగా అక్కడ మనం వదిలేసేది "నాకు" అన్న మాటని, దానితో క్రియకి అన్వయమే ఉండదు. "ఆకలేస్తోంది" అంటే క్రియ అన్వయించేది ఆకలితో, ఆకలి పడుతున్న మనిషితో కాదు. కర్మ సంగతీ చూడండి. "ఆ సినిమా చూశావా?" అంటే "చూశాను" అంటాం, "సినిమా"ని వదిలేస్తాం. తెలుగు క్రియకి కర్మతో అన్వయం లేనే లేదు కదా, మరి కర్మను ఏ లైసెన్సుతో వదిలేస్తున్నట్టు?

దీనివల్ల ఎవరికి నష్టం

ఇది పరీక్షలో ఒక మార్కుతో పోయే విషయమైతే ఇంత రాసేవాణ్ణి కాదు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి పనికి వెళ్లే మన మత్స్యకార కుటుంబాల దగ్గర తీసుకున్న ఇంటర్వ్యూలు ఒకసారి నా దగ్గరికి సరిచూడమని వచ్చాయి. ఒక పెద్దావిడ కొడుకు గురించి చెబుతోంది. రాతలోకి తెచ్చేటప్పుడు ఎవరో యాస కొంత సరిచేసేశారు, మాటలు మాత్రం ఇవి: "వేసవికి వచ్చాడు. నాల్రోజులు ఉన్నాడు. డబ్బులు ఇవ్వలేదు. అడగలేదు. మళ్లీ వెళ్లిపోయాడు. ఫోన్ చేశాను. ఎత్తలేదు."

అనువాదం చేసిన కుర్రాడు చురుకైనవాడే. వచ్చాడు, ఉన్నాడు అని క్రియలు చెబుతున్నాయి కాబట్టి వరుసగా అన్నిటికీ "అతను" అని పెట్టుకుంటూ పోయాడు. "అతను డబ్బు ఇవ్వలేదు, అతను అడగలేదు" అయింది. అంటే కొడుకు తల్లిని డబ్బు అడగలేదని ఇంగ్లీషు చదివేవాళ్లకి అర్థమవుతుంది. ఆవిడ చెప్పింది అది కాదు. అడగంది ఆవిడ. రికార్డింగులో కాస్త ముందుకెళ్తే ఆవిడే అంటుంది, "నాకే నోరు రానేదు బాబూ" అని. ఇంట్లో డబ్బు అవసరం ఉండి కూడా నోరు విప్పలేని తల్లి మాట, కాగితం మీద కొడుకు మంచితనంగా మారిపోయింది.

ఇదే మాట నిశ్చయార్థంలో ఉంటే ఈ పొరపాటుకి చోటే లేదు. అడిగాను అంటే ఆవిడ, అడిగాడు అంటే వాడు. "అడగలేదు"లో ఆ తేడా చెరిగిపోతుంది. క్రియ చివర చూస్తే చాలనుకునేవాడు సరిగ్గా ఇక్కడే పడిపోతాడు.

మరి వినేవాళ్లు కర్తని ఎలా పట్టుకుంటారు? నాకు తెలిసినంతలో మూడు దారులు ఎక్కువగా పనిచేస్తాయి. మొదటిది, అంతకుముందు ఎవరి గురించి మాట నడుస్తోందో ఆ మనిషి. రెండోది, వాక్యం తీరు. ముందు మాట ఏమీ లేకుండా "తినలేదు" అంటే చెప్పేవాడు, "తినలేదా?" అంటే వినేవాడు. తెలుసు, తెలుసా అన్నా ఇదే. మూడోది, పనిని బట్టి లోకజ్ఞానం. "ఫోన్ చేశాను. ఎత్తలేదు" అన్నప్పుడు కర్త మారిపోయిందని ఏ ప్రత్యయమూ చెప్పదు, ఫోన్ చేసినవాళ్లు దాన్ని ఎత్తరు కాబట్టి తెలుస్తుంది. "అడగలేదు" దగ్గర మొదటి దారి కొడుకు వైపు లాగుతుంది, మూడోది తల్లి వైపు లాగుతుంది, ఎందుకంటే ముందు మాటలో ఇవ్వాల్సినవాడు కొడుకు, కాబట్టి అడగాల్సింది తల్లే. ఇలా రెండు దారులు రెండు వైపులకి లాగే చోట ఆగి, ఆడియో వినాలి, కుదిరితే ఆ మనిషినే "ఎవరు అడగలేదమ్మా?" అని అడగాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి ఒకటే చెబుతాను: వాంగ్మూలంలో లేదు, వద్దు, వాలి, కూడదు కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, కర్త ఎవరో పక్కన రాసుకున్నాకే అనువాదం మొదలుపెట్టండి.

మరి ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది

1970ల చివర, 80ల మొదట్లో తరాల్డ్‌సెన్, లుయిజి రిజ్జి లాంటి భాషాశాస్త్రవేత్తలు ఇటాలియన్‌ని ముందు పెట్టుకుని ఈ సంబంధం గురించి రాశారు. అది పుకారు కాదు, గట్టి పని. ఇటాలియన్‌లో ఆధారాలూ ఉన్నాయి. అక్కడ వర్తమాన సంభావనార్థక క్రియల్లో ఏకవచనానికి మూడు పురుషలకీ ఒకే రూపం ఉంటుంది, అలాంటిచోట మధ్యమ పురుష సర్వనామం "తు"ని వదిలేయడం కుదరదు. బ్రెజిల్ పోర్చుగీసులో క్రియారూపాల తేడాలు తగ్గే కొద్దీ సర్వనామాలు పలకడం పెరిగింది. ఇవన్నీ నిజాలే.

అయితే 1984లోనే జేమ్స్ హువాంగ్ చైనీస్‌ని ముందుకు తెచ్చాడు. క్రియలో అన్వయమే లేదు, అయినా కర్తా కర్మా రెండూ లోపిస్తాయి. జపనీస్ కూడా అంతే. మన పక్క మలయాళం చూడండి, పాత మలయాళంలో పురుష ప్రత్యయాలు ఉండేవి, ఇప్పుడు పోయాయి. ఎవరు వచ్చినా "వన్ను" అనే అంటారు. ప్రత్యయాలు పోయినా కర్తని వదిలేసే అలవాటు పోలేదు. ఇంకోవైపు ఐస్‌లాండిక్‌లో క్రియకి అన్వయం బాగానే ఉంది, అయినా నేను, నువ్వు అని పలికి తీరాలి. ఫిన్నిష్‌లో ఉత్తమ, మధ్యమ పురుషలని వదిలేయొచ్చు, ప్రథమ పురుషని అంత స్వేచ్ఛగా వదిలేయలేరు, ప్రత్యయం మూడింటికీ ఉంది.

1989లో జేగ్లి, సాఫిర్ ఒక సవరణ తెచ్చారు: క్రియారూపాలన్నీ ప్రత్యయాలతో ఉండాలి, లేదా అన్నీ ప్రత్యయం లేకుండా ఉండాలి, ఇంగ్లీషులా కలగాపులగంగా ఉంటేనే కర్త తప్పనిసరి అని. చైనీస్ సమస్య తీరింది, ఐస్‌లాండిక్ సమస్య తీరలేదు. తెలుగునైతే రాను, రాలేదు పక్కపక్కన పెట్టి మీరే చూడండి, ఏ గదిలో పెడతారో.

కాబట్టి నెట్‌కి చదివేవాళ్లు టెన్షన్ పడకండి. అన్వయం ఉంటే కర్త లోపించడానికి సాయపడుతుంది అని ఉంటే ఒప్పుకోండి. "అన్వయం ఉంటేనే", "అన్వయం ఉంటే తప్పక" అని ఉంటే ఒప్పుకోకండి. మొదటిదానికి మలయాళం, రెండోదానికి ఐస్‌లాండిక్ గుర్తుంటే చాలు.

మిగతావి గబగబా

"కర్త లేకపోతే వాక్యం అసంపూర్ణం." కాదు. భాషాశాస్త్రవేత్త మాథ్యూ డ్రయర్ 711 భాషలు పోల్చి చూస్తే, కర్త స్థానంలో సర్వనామం తప్పనిసరిగా వచ్చేవి 82 మాత్రమే. ఇంగ్లీషు ఆ చిన్న గుంపులోది.

"ఉత్తరాంధ్ర యాసలో కర్తలు మింగేస్తారు." ఏ యాసలోనైనా ఇదే వ్యాకరణం. విజయనగరంలో వదిలేసే చోటే విజయవాడలోనూ వదిలేస్తారు. ఈ మాట విని పిల్లలు క్లాసులో నోరు మూసుకుని కూర్చోవడం చూస్తే నాకు కోపం వస్తుంది.

"మా గుంటడు నేను అనడు, మాటలు సరిగా రాలేదేమో." ఈ భయంతో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. వాడు "తిన్నాను, తినను, తినలేదు" అన్నీ సరిగ్గా వాడుతున్నాడు, "ఎవరు తినలేదు?" అంటే "నాను" అంటున్నాడు. తెలుగు పిల్లాడు అలాగే మాట్లాడాలి. నేను, నేను అని ప్రతి వాక్యంలో పలికితే మనకి అది నొక్కి చెప్పినట్టో, ఇంకొకరితో పోల్చినట్టో వినిపిస్తుంది. "నేను తినలేదు" అంటే తిన్నది వేరేవాళ్లు అన్న ధ్వని వస్తుంది. పిల్లలకి ఆ తేడా చిన్నప్పుడే తెలిసిపోతుంది, ఆమెకి అదే చెప్పి పంపించాను.