కళ్లు బాగున్నా చూపు ఎందుకు లేదు?

గాజువాకలో ఒక ఆరు నెలల బాబును ఊహించుకుందాం. నెలలు నిండాకే పుట్టాడు కానీ బరువు తక్కువ. తల్లికి పాలు పడటం ఆలస్యమైంది. మూడో రోజుకు మగతగా పడి ఉండి పాలు తాగడం మానేశాడు, ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. రక్తంలో గ్లూకోజు బాగా పడిపోయిందని తేలింది. సెలైన్ ద్వారా గ్లూకోజు ఎక్కించాక కోలుకున్నాడు. ఇప్పుడు అమ్మ గొంతు వింటే నవ్వుతాడు, ఆమె ముఖం మాత్రం చూడడు. తిరిగే ఫ్యానునో, ట్యూబులైటునో చూస్తూ ఉండిపోతాడు. కంటి డాక్టరు పరీక్షించి కళ్లలో లోపమేమీ లేదన్నారు. “కళ్లు చక్కగా ఉన్నాయి కదమ్మా, చూపు కాస్త ఆలస్యంగా నిలుస్తుందిలే” అని నాయనమ్మ కోడలికి ధైర్యం చెబుతోంది.

డాక్టరు మాటా నిజమే, తల్లి భయమూ నిజమే. రెటీనా మీద పడిన బొమ్మ దృష్టినాడి గుండా మెదడు మధ్యకు, అక్కడి నుంచి నరాల తంతువుల మీదుగా తల వెనక భాగంలో చూపును అర్థం చేసుకునే మెదడు పై పొరకు, అంటే దృష్టి కార్టెక్స్‌కు చేరాలి. అక్కడికి చేరితేనే అది అమ్మ ముఖమని బిడ్డకు తెలుస్తుంది. టార్చి వేస్తే కంటిపాప చిన్నదయ్యే చర్యకు మాత్రం కార్టెక్స్‌తో పని లేదు. ఆ దారి ముందే చీలి మధ్యమెదడు దగ్గరే పూర్తవుతుంది. అందుకే కార్టెక్స్ దెబ్బతిన్న బిడ్డకు కూడా కంటిపాపలు చురుగ్గా స్పందిస్తాయి, రెటీనా ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఈ స్థితిని కార్టికల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్, క్లుప్తంగా సీవీఐ అంటారు.

పుట్టిన తొలి రోజుల్లో గ్లూకోజు పడిపోతే ఎక్కువగా దెబ్బతినేది సరిగ్గా తల వెనక భాగమే. ఎంఆర్ఐ తీస్తే ఆ దెబ్బ తాలూకు మచ్చలు ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవారిలోనైతే మెదడులోని ద్రవపు గదుల పక్కనుంచి వెళ్లే దృష్టి తంతువులే దెబ్బతింటాయి. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందకపోవడం మరో కారణం. గ్లూకోజు సంగతిని నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది: దీన్ని చాలావరకు ఆపవచ్చు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తక్కువ బరువు ఉన్నా, తల్లికి మధుమేహం ఉన్నా బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించాలి. తేనె నాకించి, పాలు పడేదాకా ఆగుదామనుకోవడం ప్రమాదం.

మరి ముఖం చూడని బాబు ఫ్యాను ఎందుకు చూస్తాడు? మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనక గాయపడిన సైనికులను పరీక్షించిన జార్జ్ రిడాక్ 1917లో ఒక వింత గమనించారు. నిశ్చలంగా ఉన్న వస్తువు కనిపించనిచోట కదిలే వస్తువును వాళ్లు పసిగట్టగలిగారు. కదలికను గుర్తించే ప్రాంతానికి ప్రధాన దృష్టి కార్టెక్స్‌ను తప్పించుకుని వెళ్లే దారులు కూడా ఉన్నాయి. సీవీఐ ఉన్న పిల్లల్లో చాలామందికి కదిలేవి, మెరిసేవి ముందుగా అందడానికి ఇదొక వివరణ.

ఇంట్లో ఇలా గమనించవచ్చు. టీవీ ఆపి, గది నిశ్శబ్దంగా ఉంచి, వెనక నల్లని గుడ్డ కట్టి, ఒకే ఒక్క ఎర్రటి లేదా పసుపు బంతిని అడుగు, అడుగున్నర దూరంలో ఒక పక్కగా పట్టుకుని మెల్లగా కదపాలి. పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే గొంతు వైపు తిరుగుతాడు, చూశాడో లేదో తేలదు. తర్వాత ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. బంతి వైపు చూపు తిరగడానికి ఒక్కోసారి అర నిమిషం కూడా పడుతుంది. తిరిగాక చేయి చాస్తూ తల పక్కకు తిప్పేసుకోవచ్చు, చూడటం, అందుకోవడం ఒకేసారి కుదరక. ఉదయం చూసిన బంతినే సాయంత్రం అలసటలోనో జ్వరంలోనో చూడకపోవచ్చు. ఇది మొండితనం కాదు, ఈ జబ్బు తీరే అంత.

ఇవన్నీ రాసుకుని పిల్లల నరాల వైద్యునికీ, పిల్లల కంటి వైద్యునికీ చూపించాలి. అద్దాల అవసరం, మెల్లకన్ను విడిగా ఉండవచ్చు కాబట్టి కంటి పరీక్ష మానకూడదు. గ్లూకోజు పడిపోయిన పిల్లల్లో కొందరికి నెలల తర్వాత వేరే రకం ఫిట్స్ వస్తాయి. నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు ఒక్కసారిగా విదిల్చి, వరసగా చాలాసార్లు అలాగే చేస్తారు. ఉలికిపాటే అనుకోకుండా ఫోనులో వీడియో తీసి అదే రోజు వైద్యునికి చూపించాలి. వాటిని అదుపు చేస్తే కొందరిలో చూపు కూడా మెరుగవుతుంది.

సీవీఐ పిల్లల్లో చాలామందికి ఏళ్ల తరబడి చూపు కొంత పెరుగుతుంది, పూర్తిగా మామూలవడం అరుదు. మిగిలిపోయే ఇబ్బంది ఎక్కువగా రద్దీతోనే. రామకృష్ణా బీచ్‌లో ఖాళీ ఇసుక మీద దొర్లే ఎర్ర బంతి వెంట పరుగెత్తే పిల్లవాడు పూర్ణా మార్కెట్‌లో అమ్మ కొంగు వదలడు. బడిలో అక్షరాలు పెద్దవి చేసినంత మాత్రాన సరిపోనిదీ ఇందుకే. పేజీకి ఒకే బొమ్మ, చుట్టూ ఖాళీ, చదివే వరుసను మాత్రమే చూపించే నల్ల అట్ట, జవాబు చెప్పడానికి మిగతా పిల్లలకన్నా ఎక్కువ సమయం కావాలని తల్లిదండ్రులు టీచరును అడగాలి.