గోళాన్ని పేర్చే శక్తి: Z² వాడాలా, Z(Z−1) వాడాలా?

ప్రవేశ పరీక్షల కాలం రాగానే భౌతికశాస్త్రం చదివేవాళ్లలో ఒక పాత తగువు మళ్లీ లేస్తుంది. ఏకరీతిగా ఆవేశం నిండిన ఘన గోళాన్ని పేర్చడానికి కావలసిన శక్తి (3/5)kQ²/R అని పాఠం చెబుతుంది. Z ప్రోటాన్లున్న కేంద్రకం విషయానికి వచ్చేసరికి కొన్ని పుస్తకాలు Q² చోట Z²e² వేస్తాయి, కొన్ని Z(Z−1)e² వేస్తాయి. 2016 జేఈఈ అడ్వాన్స్‌డ్ ప్రశ్న రెండో రూపాన్ని ఇచ్చి, దాంతో కేంద్రక వ్యాసార్థం కట్టమంది. గోళం ఒక్కటే అయినప్పుడు రెండు సూత్రాలు ఎలా వచ్చాయన్నదే తగువు.

కూలుంబ్ నియమం దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. గోళాన్ని పేర్చే పద్ధతిని మాత్రం ఒకసారి జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే తగువు మూలం అందులోనే ఉంది.

ఆవేశమంతా మొదట అనంత దూరంలో చెల్లాచెదురుగా ఉందనుకుందాం. దాన్ని కొద్దికొద్దిగా తెచ్చి ఉల్లిపాయ పొరల్లా పేరుస్తాం. గోళం r వ్యాసార్థం దాకా పెరిగేసరికి లోపలున్న ఆవేశం ఘనపరిమాణాల నిష్పత్తిలో ఉంటుంది: q = Qr³/R³. తర్వాతి పలుచని పొరలో పట్టే ఆవేశం dq = 3Qr²dr/R³. ఆ పొరను అప్పటి గోళం ఉపరితలం దాకా తేవడానికి చేసే పని:

```
dW = k q dq / r = (3kQ²/R⁶) r⁴ dr
W  = (3kQ²/R⁶) · (R⁵/5) = (3/5) kQ²/R
```

విద్యార్థులు ఎక్కువగా తప్పేది మొదటి వరుసలో. q చోట పూర్తి Q వేసేస్తే జవాబు 3/2 వస్తుంది. ఇంకా పేర్చని ఆవేశం అప్పటికే అక్కడుండి వికర్షిస్తోందని లెక్కగట్టడమే ఆ పొరపాటు. జవాబు 6/5 వస్తే పూర్తయిన గోళం పొటెన్షియల్‌ను ఆవేశంతో గుణించి సగం చేయడం మరిచారని అర్థం. 1/2 వస్తే అది ఉపరితలం మీద మాత్రమే ఆవేశం ఉన్న వాహక గోళం జవాబు. సరిచూసుకోవడానికి క్షేత్రంలో దాగిన శక్తిని విడిగా లెక్కించవచ్చు: గోళం బయట 1/2, లోపల 1/10, కలిపితే 3/5.

ఈ లెక్కలో పైకి చెప్పని ఒక ఊహ ఉంది. తెచ్చే ప్రతి ముక్కా ఎంత కావాలంటే అంత చిన్నది కావచ్చు. ముక్క చిన్నదయ్యేకొద్దీ దాని సొంత శక్తి, అంటే దాన్ని దానికదే పేర్చడానికి పట్టే శక్తి, ముక్కల సంఖ్య పెరిగేదానికంటే వేగంగా పడిపోతుంది. చివరికి అన్ని ముక్కల సొంత శక్తుల మొత్తం కూడా సున్నాకు చేరుతుంది. ఆవేశం ద్రవంలాంటిదైతే ఇందులో ఇబ్బంది లేదు. ప్రోటాన్‌ను అలా ముక్కలు చేయలేం.

కథ మలుపు తిరిగిందిక్కడే. 1935లో వైట్సెకర్ కేంద్రకాన్ని ద్రవబిందువులా చూసి ద్రవ్యరాశి సూత్రం రాశాడు. 1939లో బోర్, వీలర్ అదే బిందువు సాగి రెండుగా చీలడాన్ని లెక్కించారు. చీలికను నిర్ణయించే Z²/A నిష్పత్తి అక్కడిదే, A అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన సంఖ్య. Z² పక్షం వాదన ఇంతే, అది భారీ కేంద్రకాల దగ్గర చెల్లుతుంది. యురేనియంకు Z = 92 కాబట్టి రెండు రూపాల మధ్య తేడా దాదాపు ఒక శాతం. ద్రవ్యరాశులకు తగ్గట్టు స్థిరాంకాన్ని సవరించేటప్పుడు ఆ కాస్త తేడా అందులో కలిసిపోతుంది.

తేలిక కేంద్రకాల దగ్గర అలా కలిసిపోదు. హైడ్రోజన్‌నే తీసుకోండి. ఒకే ఒక ప్రోటాన్‌ను వికర్షించడానికి మరొకటి లేదు, అయినా Z² సూత్రం సున్నా కాని శక్తి ఇస్తుంది. ప్రోటాన్‌ను గోళమంతా పులిమి, దాన్ని దానితోనే వికర్షింపజేసినందువల్ల వచ్చిన అదనమది. సరైన లెక్క జతలతో చేయాలి. Z ప్రోటాన్లలో జతలు Z(Z−1)/2. గోళంలో ఏకరీతిగా పరచుకున్న రెండు ప్రోటాన్ల మధ్య శక్తి సగటున (6/5)ke²/R. రెండూ గుణిస్తే (3/5)Z(Z−1)ke²/R. గుణకం మారలేదు. సొంత వికర్షణ ఒక్కటే పోయింది.

ఏది సరైనదో తూచి చూడడానికి దర్పణ కేంద్రకాలు పనికొస్తాయి. నైట్రోజన్-15లో 7 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు. ఆక్సిజన్-15లో ఆ సంఖ్యలు తారుమారు. 1930ల నడుమ కాల్టెక్‌లో ఫౌలర్, డెల్సాసో, లారిట్సన్ ఇలాంటి తేలిక కేంద్రకాల నుంచి వచ్చే పాజిట్రాన్ల శక్తులు కొలిచారు. న్యూట్రాన్ల మధ్యా ప్రోటాన్ల మధ్యా కేంద్రక బలం ఒకటే అయితే ఈ జంట బంధన శక్తుల్లో తేడాకు కారణం విద్యుత్ వికర్షణే కావాలి. 2016 ప్రశ్న కూడా ఈ జంటమీదే.

పరమాణు ద్రవ్యరాశి యూనిట్లలో ద్రవ్యరాశులు: ఆక్సిజన్-15కు 15.003065, నైట్రోజన్-15కు 15.000109. తేడా 0.002956. న్యూట్రాన్ (1.008665), హైడ్రోజన్ (1.007825) మధ్య తేడా 0.000840. ఇవి రెండూ కూడాలి, ఎందుకంటే ఆక్సిజన్‌లో ఒక న్యూట్రాన్ తగ్గి ఒక ప్రోటాన్ పెరిగింది. చాలామంది తీసివేసి చెడగొట్టుకునేది ఇక్కడే. మొత్తం 0.003796, దాన్ని 931.5తో గుణిస్తే 3.536 ఎంఈవీ. కింది లెక్కలో 0.6 అంటే 3/5, 1.44 అంటే ఎంఈవీ-ఫెర్మీల్లో ke² విలువ, fm అంటే ఫెర్మీ.

```
Z(Z−1): 8·7 − 7·6 = 14,  R = 0.6 × 1.44 × 14 / 3.536 = 3.42 fm
Z²    : 64 − 49   = 15,  R = 0.6 × 1.44 × 15 / 3.536 = 3.67 fm
```

ఏది నిజమో ఈ లెక్క తనంతట తాను చెప్పలేదు. దానికి బంధన శక్తితో సంబంధం లేని కొలత కావాలి. అది 1950లలో వచ్చింది. 1953లో కొలంబియాలో ఫిచ్, రెయిన్‌వాటర్ ఎలక్ట్రాన్ చోట బరువైన మ్యుయాన్ తిరిగే పరమాణువుల ఎక్స్-కిరణాలు కొలిస్తే, భారీ కేంద్రకాలు అంతవరకూ అనుకున్నదానికంటే చిన్నవని తేలింది. కేంద్రక వ్యాసార్థం సూత్రంలో A^(1/3) ముందు వాడుతున్న 1.4–1.5 ఫెర్మీలు 1.2 దగ్గరికి దిగాయి. స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్ల పరిక్షేపణంతో ఆవేశం ఎలా పరచుకుందో గీసి చూపాడు. 1961 నోబెల్ ఆయనకు దక్కింది అందుకే. ఇప్పటి కొలతల్లో నైట్రోజన్-15 ఆవేశ వ్యాసార్థపు వర్గమధ్యమ మూలం సుమారు 2.606 ఫెర్మీలు. దాన్ని ఏకరీతి గోళానికి మార్చాలంటే √(5/3)తో గుణించాలి. ఈ మెట్టు మరిస్తే పోలికే తప్పవుతుంది. వచ్చేది 3.36 ఫెర్మీలు. జతల లెక్క ఇచ్చిన 3.42 దీనికి రెండు శాతం లోపు తేడాతో ఉంది. Z² ఇచ్చిన 3.67 తొమ్మిది శాతం పెద్దది.

ఆ రెండు శాతాన్ని చూసి లెక్క ముగిసిందనుకోకూడదు. నిజమైన కేంద్రకానికి పదునైన అంచు లేదు. ఆక్సిజన్-15లో చివరి ప్రోటాన్ మిగతావాటి సగటుకంటే బయటగా తిరుగుతుంది, అది శక్తి తేడాను తగ్గిస్తుంది. పౌలీ నియమం వల్ల ఒకే స్పిన్ ఉన్న ప్రోటాన్లు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, అదీ తగ్గిస్తుంది. 1969లో నోలెన్, షిఫర్ దర్పణ కేంద్రకాల్లోనూ వాటి తరహా జంటల్లోనూ ఇలాంటి సవరణలన్నీ చేర్చి చూస్తే, లెక్కించిన తేడా కొలిచినదానికంటే కొన్ని శాతం తక్కువే వచ్చింది. ఆ లోటులో కొంతకు కేంద్రక బలమే న్యూట్రాన్లనూ ప్రోటాన్లనూ కచ్చితంగా ఒకేలా చూడకపోవడం కారణమని తర్వాతి పరిశోధన వాదించింది. అంటే ఆ పరీక్ష ప్రశ్నలో "తేడా అంతా విద్యుత్ శక్తి వల్లే అనుకోండి" అన్న వాక్యం మాటవరసకు పెట్టింది కాదు, 3.42 అనే జవాబు నిలబడింది దానిమీదే.