‘ఏమైనా విశేషమా?’ అని అడిగేది ఆవిడనే, పరీక్ష కావాల్సింది ఇద్దరికీ: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్లిన వారం మా సంతాన సాఫల్య కేంద్రంలో కుర్చీలు ఖాళీగా ఉండవు. పండక్కి వచ్చిన చుట్టాలు ఒకే మాట అడిగి వెళ్లి ఉంటారు. “ఏమ్మా, ఏమైనా విశేషమా?” అదే ఇంట్లో, అదే అరుగు మీద కూర్చున్న భర్తను ఆ మాట ఎవరూ అడగరు.

నేను భీమవరంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. పరీక్షలు, మందులు డాక్టరుగారు చూస్తారు. ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లాక ఏం మాట్లాడాలి, ఏ వైద్యానికి ఒప్పుకోవాలి అన్నది తేల్చుకోవడానికి ఇద్దరూ నా గదికి వస్తారు. పాలకొల్లు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక జంట సంగతి వాళ్ల అనుమతితో చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆ అమ్మాయికి 28 ఏళ్లు, అబ్బాయికి 33. పెళ్లయి నాలుగేళ్లు. ఆయనకు రొయ్యల చెరువులున్నాయి.

అపోహ: కాపురం బాగానే ఉంది, మగాడు ఆరోగ్యంగా ఉన్నాడు. కాబట్టి లోపం ఆ అమ్మాయిదే.

మా దగ్గరికి వచ్చేసరికే ఆ అమ్మాయికి ఆరు నెలలు అండం స్కానింగులు అయిపోయాయి. అండం విడుదలకు మాత్రలు వాడింది. గర్భాశయం గొట్టాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే తీయించుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. బిక్కవోలు షష్ఠి తీర్థానికి రెండుసార్లు వెళ్లి మొక్కుకుంది. అత్తగారు తెప్పించిన పసరు మందు తాగింది. ఇన్నిటి మధ్య ఆయనకు ఒక్క పరీక్ష కూడా జరగలేదు. అడిగితే “నాకేంటండీ, నేను బాగానే ఉన్నాను” అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన నిజంగానే అలా నమ్మారు.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం. మగతనం వేరు, వీర్యంలో కణాల సంఖ్య వేరు. కాపురంలో ఏ ఇబ్బందీ లేనివారికి, ఒళ్లు గట్టిగా ఉన్నవారికి కూడా కణాలు తక్కువ ఉండొచ్చు, అసలే లేకపోనూ వచ్చు. అది బయటికి తెలియదు. చూస్తే వీర్య పరీక్ష అన్నిటికంటే తేలిక. సూది లేదు, మత్తు లేదు, ఆ ఎక్స్‌రేలో వచ్చే నొప్పి లేదు. అందుకే ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే, ఆమెకు 35 దాటి ఉంటే ఆరు నెలలకే, ఇద్దరికీ కలిపి పరీక్షలు మొదలుపెట్టాలి. ఆమెవి అయ్యాక చూద్దాం అనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి.

ఇంకో మాట. డాక్టరుగారు వాళ్లను మొదట అడిగింది నెలలో ఎన్ని రోజులు కలిసి ఉంటున్నారని. మేత, ఏరియేటర్లు, కరెంటు పోతే జనరేటరు చూసుకోవాలని ఆయన పంట చేతికొచ్చేదాకా రాత్రిళ్లు చెరువు గట్టు మీదే పడుకునేవారు. గర్భం నిలిచే అవకాశం ఉండేది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. ఆ ఆరు రోజులూ చాలా నెలల్లో చెరువు దగ్గరే గడిచిపోయాయి. చుట్టాలు లెక్కపెట్టిన నాలుగేళ్లలో అసలు ప్రయత్నం అందులో సగం కూడా లేదు.

అపోహ: ఒక్క రిపోర్టులో తక్కువ వచ్చిందంటే ఇక అంతే.

ఆయన మొదటి రిపోర్టులో వీర్యం 2 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 50 లక్షల కణాలు, వాటిలో ముందుకు కదిలేవి 20 శాతం అని వచ్చింది. రిపోర్టులో పక్కన ముద్రించి ఉండే కనీస అంకె 1 కోటి 60 లక్షలు, కదలిక 30 శాతం. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయన రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట.

ఆ కనీస అంకె ఎలా వచ్చిందో తెలిస్తే కొంత భయం తగ్గుతుంది. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదిలోపే తండ్రులైన మగవారి పరీక్షలు చూసి, వారిలో కింది ఐదు శాతం ఎక్కడ మొదలవుతారో అక్కడ ఆ గీత గీశారు. అంటే గీత కింద ఉన్నవారిలోనూ తండ్రులైనవారున్నారు. తక్కువ ఉంటే అవకాశం తగ్గుతుంది. అసలు లేదని మాత్రం కాదు.

పైగా ఆ పరీక్షకు ఐదు వారాల ముందు ఆయనకు డెంగ్యూ జ్వరం వచ్చింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. మధ్యలో తీవ్రమైన జ్వరం వస్తే ఆ దఫా కణాలు దెబ్బతింటాయి. అందుకే తేడా వచ్చినప్పుడు రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తారు.

శాంపిల్ ఇవ్వడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. రెండు నుంచి ఏడు రోజుల విరామం ఉండాలి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ కాబట్టి అది డబ్బాలో పడకపోతే లెక్క తప్పుతుంది. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, దాని పూత కణాలను చంపేస్తుంది. ఇంట్లో తీస్తే ఒళ్లు వెచ్చదనం తగిలేలా పెట్టుకుని గంటలోపు ల్యాబుకు చేర్చాలి. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి నరసాపురం మీదుగా భీమవరం రావాలంటే ఆ గంట దాటిపోతుంది. అలాంటివారు ల్యాబు గదిలోనే ఇవ్వడం మంచిది. సిగ్గు అనిపిస్తే భార్యను తోడు తీసుకెళ్లొచ్చు, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

కౌంటు పెరుగుతుందని కొందరు జిమ్‌లో దొరికే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నారు. దయచేసి వద్దు. బయటి నుంచి ఆ హార్మోను ఇస్తే లోపల కణాల తయారీ ఆగిపోతుంది. ఆ ఇంజెక్షన్ల తర్వాత కౌంటు సున్నాకు పడిపోయినవారిని నేను చూశాను.

మూడు నెలల తర్వాత ఆయన రెండో రిపోర్టులో మిల్లీలీటరుకు 90 లక్షలు, కదలిక 25 శాతం వచ్చాయి. కొంత జ్వరం వల్లే అని తేలింది. మిగిలిన లోటు ఎందుకో డాక్టరుగారు చేత్తో పరీక్షిస్తే దొరికింది. ఎడమవైపు వృషణం పైన సిరలు ఉబ్బి ఉన్నాయి, వేరికోసిల్ అంటారు.

అపోహ: భర్త పరువు కాపాడాలంటే మాట ఆమె పడాలి.

ఈ ఒక్క అపోహ గురించి నేను రోజూ మాట్లాడతాను. రిపోర్టు రాగానే ఆ అమ్మాయి నా దగ్గర అన్న మొదటి మాట, “ఇంట్లో నాకే లోపమని చెప్పేస్తానండీ. నాకు ఎలాగూ అలవాటైపోయింది.” ప్రేమతోనే అంది. కానీ ఆ అబద్ధం అక్కడితో ఆగదు. లోపం కోడలిదే అంటే పసరు మందు మళ్లీ మొదలవుతుంది. సీమంతానికి పిలిచి, బొట్టు పెట్టే వేళకు పక్కకు జరగమంటారు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు రెండో పెళ్లి మాట ఎత్తుతారు. ఆ రోజు భర్త నోరు మెదపలేకపోతే ఆమెలో విరిగేది చుట్టాల మీద నమ్మకం కాదు, ఆయన మీద నమ్మకం.

అలాగని రిపోర్టు అందరికీ చదివి వినిపించనక్కర్లేదు. అది ఆయన ఒంటి సంగతి. ఎవరికి చెప్పాలో ఆయనే తేల్చుకోవాలి. అబద్ధం లేకుండా, గుట్టు విప్పకుండా చెప్పే మాట ఒకటి ఉంది. “ఇద్దరం చూపించుకుంటున్నాం పిన్నీ. చెప్పాల్సింది ఉన్నప్పుడు మేమే చెబుతాం.” ఇందులో ముఖ్యమైనది ‘ఇద్దరం’ అన్న ముక్క. ఎవరి వైపు చుట్టాలకు వారే ఈ మాట చెప్పాలి. మేనత్తకు కోడలు బదులిస్తే ఎదురు చెప్పిందంటారు, అదే మాట కొడుకు చెబితే వింటారు. మళ్లీ అడిగితే కొత్త సంజాయిషీ ఇవ్వకుండా అదే వాక్యం అనాలి. కొత్త వివరం ఇచ్చిన ప్రతిసారీ దాని మీద ఇంకో ప్రశ్న పుడుతుంది.

ఆయన చివరికి ఒక్క మనిషికి చెప్పారు, వాళ్లమ్మకు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత లేచి వెళ్లి పసరు మందు సీసా దొడ్లో పారబోసిందట.

అపోహ: డబ్బు పెట్టేది పెద్దవాళ్లు, నిర్ణయమూ వాళ్లదే.

మామగారు అరెకరం అమ్మడానికి సిద్ధమయ్యారు. హైదరాబాదు తీసుకెళ్లి వెంటనే ఐవీఎఫ్ చేయించాలని, వచ్చే సంక్రాంతికి మనవడు ఉండాలని ఆయన ఆశ. ఆ ఆశను నేను తప్పుపట్టను. కానీ 2021 నాటి చట్టం ప్రకారం ఐవీఎఫ్‌కు దంపతులిద్దరి రాతపూర్వక సమ్మతి కావాలి. పిండం గర్భాశయంలో పెట్టేలోపు ఎప్పుడైనా ఆ సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. మామగారి సంతకానికి అందులో చోటు లేదు. వయసు తక్కువ ఉన్నా, మొదటి ప్రయత్నంలోనే బిడ్డ పుట్టేవారి కంటే పుట్టనివారే ఎక్కువ. పొలం అమ్మాక ఆ ఫలితం వస్తే ఇంట్లో చూపులన్నీ ఎవరి మీద ఉంటాయో వేరే చెప్పాలా?

నా గదిలో ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా మూడు ప్రశ్నలకు జవాబు రాయమంటాను. మన సొంత డబ్బు ఎంతవరకు? ఎన్నిసార్లు ప్రయత్నిద్దాం? దేనికి ఒప్పుకోలేం? ఆయన ‘ఎన్నిసార్లయినా’ అని రాశారు. ఆమె ‘ఇంజెక్షన్లంటే భయం, ముందు అవి లేని దారి చూద్దాం’ అని రాసింది. నాలుగేళ్లలో ఆమె ఆ మాట ఆయనతో అనలేదు.

దారులు రెండున్నాయి. ఒకటి ఇక్సీ, అంటే ఐవీఎఫ్‌లోనే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించడం. దానికి ఆమె పది రోజులకు పైగా ఇంజెక్షన్లు చేయించుకోవాలి. రెండోది ఆయనకు వేరికోసిల్ ఆపరేషన్ చేయించి ఆరు నెలలు ఆగడం. కొందరికి ఆపరేషన్ తర్వాత కూడా ఏమీ మారదు. ఆమె వయసు 36 అయితే డాక్టరుగారు ఆగమనేవారు కాదు. 28 కాబట్టి, అండాల నిల్వ బాగుంది కాబట్టి, ఆగడానికి వీలుంది. ఇద్దరూ ఆపరేషన్ వైపు మొగ్గారు. మామగారికి ఆ మాట కొడుకే చెప్పారు. అరెకరం అలాగే ఉంది.

ఆరు నెలల తర్వాత మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు, కదలిక 32 శాతం వచ్చాయి. ముందుకు కదిలే కణాలు మొత్తం మీద కోటి దాటాయి. మొదటి రిపోర్టులో అవి 20 లక్షలే. ఇప్పుడు శుభ్రం చేసిన కణాలను గర్భాశయంలోకి ఎక్కించే ఐయూఐకి వీలు కుదిరింది. ఒక్కో నెలలో దాదాపు పదిమందిలో ఒకరికే ఫలిస్తుందని ముందే చెప్పాం. మూడుసార్లు అనుకున్నారు. రెండు అయ్యాయి, నిలవలేదు. రెండోసారి నెలసరి వచ్చిన రోజు ఆయన మేత పని మనిషికి అప్పజెప్పి ఇంటికి వచ్చేశారట.

మూడోది వచ్చే నెల. అది కూడా కాకపోతే ఇక్సీ మాట ఉగాది తర్వాతే ఎత్తుకుందామని రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకున్నారు. ఆ కాగితం ఆమె బీరువాలో పట్టుచీరల కింద ఉంది.