కూనిరాగం ముందు, మాటలు తర్వాత

నమస్తే అండీ,

మీ రికార్డింగు విన్నాను. అమెరికా క్లయింటుతో కాల్‌లో జరిగిన సంగతి మీరు రాసిందీ చదివాను. "ఐ క్యాన్ సెండ్ ద రిపోర్ట్ బై ఫ్రైడే" అని మీరంటే ఆయన "ఎందుకు పంపలేరు?" అన్నాడని కదా. వ్యాకరణం బాగానే ఉంది, మాటలూ సరైనవే. గొంతు స్పష్టంగా ఉంది. ఇబ్బంది అంతా "క్యాన్" దగ్గరే వచ్చింది. మీరు దాన్ని నిండుగా పలికారు. అమెరికన్లు మామూలు మాటల్లో దాన్ని సగం మింగేస్తారు. "ఐ కన్ సెండ్" అన్నట్టు వినిపిస్తుంది, ఆ "క"లో అచ్చు కూడా ఉందో లేదో అన్నట్టే ఉంటుంది. వాళ్లు నిండుగా పలికేది "క్యాంట్"ని. దాని చివర వచ్చే "ట్"ని నాలుకతో పట్టి ఆపేస్తారే గాని బయటికి వదలరు, అందుకే అది చెవికి పెద్దగా అందదు. దాంతో ఆ రెండు మాటల మధ్య తేడాని వాళ్ల చెవి ఎక్కువగా అచ్చుని బట్టే పోల్చుకుంటుంది. తేలిగ్గా వస్తే కుదురుతుందని, బరువుగా వస్తే కుదరదని అర్థం చేసుకుంటారు.

మరి రోజూ షాడోయింగ్ చేస్తున్నా ఇది ఎందుకు సర్దుకోలేదని అడిగారు. న్యాయమైన ప్రశ్న. షాడోయింగ్ అంటే ఆడియో ఆపకుండా, మాట్లాడేవాళ్ల వెనకే, వింటూనే అవే మాటలు పలుకుతూ పోవడం. ఇది భాష నేర్పేవాళ్ల చేతికి రాకముందే ప్రయోగశాలలో ఉంది. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త, పది మంది ఒకేసారి మాట్లాడే చోట మనం ఒక్కరి మాటనే ఎలా పట్టుకుంటామో తెలుసుకోవాలని ఒక్కో చెవికి ఒక్కో ప్రసంగం వినిపించాడు. ఒక చెవిలో పడేదాన్ని విన్నది విన్నట్టు పైకి చెప్పమన్నాడు. వాళ్లు మాటలన్నీ బాగానే చెప్పారు. కానీ చెర్రీ ఇంకో సంగతి గమనించి రాశాడు. వాళ్ల గొంతు ఒకే శ్రుతిలో చప్పగా సాగింది, మాటల మీద ఒత్తులు దాదాపు లేవు. మనసంతా తర్వాతి మాట పట్టుకోవడం మీదే ఉంటే ముందుగా జారిపోయేది రాగమే. ఇంగ్లీషు వాళ్లకి ఇంగ్లీషులోనే అలా జరిగినప్పుడు మనకి జరగడంలో వింత లేదు. మీరు ఇన్నాళ్లూ వల్లించింది మాటల్ని. మీకు కావలసింది వాటి బరువు. అందుకే ఈ వారం నుంచి వరస మార్చాను.

ఆ బరువు ఏమిటో ముందు చెబుతాను. బళ్లో ఛందస్సు చదివినప్పుడు గురువులు, లఘువులు గుర్తులు పెట్టాం గుర్తుందా? తెలుగులో అది అక్షరాన్ని చూసి చెప్పేయొచ్చు. దీర్ఘమైతే గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నదీ గురువే. ఇంగ్లీషులోనూ గురు లఘువులున్నాయి గాని, అక్కడ రాత చూసి చెప్పడం కష్టం. "ఫోటోగ్రాఫ్"లో మొదటి అక్షరం గురువు. అదే "ఫటాగ్రఫీ" అయ్యేసరికి గురుత్వం రెండో అక్షరానికి జరిగి, మొదటిది నలిగి "ఫ" అయిపోతుంది. "ఐ క్యాన్ సెండ్"లో లఘువైన ఆ "క్యాన్", ఎవరైనా అడిగితే "యెస్, ఐ క్యాన్" అని జవాబు చెప్పేటప్పుడు చివర నిండుగా వస్తుంది. అంటే చెవితోనే పట్టుకోవాలి. ఇంకో తేడా కూడా ఉంది. ఇంగ్లీషు గురువు పొడుగ్గా ఉండడమే కాదు, కాస్త గట్టిగా, చాలాసార్లు కాస్త పై శ్రుతిలో ఉంటుంది. లఘువులో మాత్రం అచ్చు రంగు వెలిసిపోయి పొట్టి "అ"లా మిగులుతుంది. తెలుగులో మనం ప్రతి అచ్చుకీ దాని మర్యాద దానికి ఇస్తాం, మింగేస్తే భాష రాదంటారు. అదే అలవాటు ఇంగ్లీషులో మన కొంప ముంచుతోంది.

మీ వాక్యాన్నే తీసుకుందాం. అందులో గురువులు మూడే: "సెండ్", "రిపోర్ట్"లో "పోర్ట్", "ఫ్రైడే"లో "ఫ్రై". మిగతావన్నీ వాటి మధ్య సందుల్లో ఇరుక్కుని నడవాలి. మీ రికార్డింగులో "క్యాన్", "ద", "బై" కూడా "సెండ్" అంత బరువుగా వచ్చాయి. పైగా "సెండు", "రిపోర్టు" అని చివర ఉకారం కలిసింది. అచ్చుతో ముగిస్తే తప్ప మన నోటికి తృప్తి ఉండదు! ఆ ఉకారం ఒక్కోటీ ఒక అదనపు అక్షరం, దాంతో లయ ఇంకా చెదిరింది.

ఈ వారానికి ఆడియో ముక్క మీరే ఎంచుకోండి. అర నిమిషం చాలు, మామూలు వేగంతో మాట్లాడితే అందులో 70 మాటలకి అటూ ఇటూ ఉంటాయి. ఒక్క మనిషే మాట్లాడుతుండాలి, వెనక సంగీతం ఉండకూడదు, మాటలు రాసిన కాగితం దొరకాలి. నేర్చుకునేవాళ్ల కోసమని నిదానంగా చదివిన ఆడియో మాత్రం వద్దు. మనిషి కావాలని నెమ్మదిగా చదివితే లఘువులన్నీ నిండిపోతాయి, మనకి కావలసిన వస్తువే అందులో ఉండదు. వేగం ఎక్కువనిపిస్తే ఫోన్లో 0.75కి తగ్గించుకోండి. యంత్రం అన్నిటినీ ఒకే పాళ్లలో సాగదీస్తుంది కాబట్టి, గురువుకీ లఘువుకీ ఉన్న తేడా అలాగే నిలుస్తుంది.

సోమవారం నోరు మెదపొద్దు. కాగితం ముందు పెట్టుకుని వింటూ, గురువు వినిపించిన చోటల్లా వేలితో బల్ల మీద తట్టండి, తర్వాత అక్కడ గుర్తు పెట్టండి. ఏది గురువో అనుమానం వస్తే ఊహించకుండా ఆ ఒక్క వాక్యం మళ్లీ వినండి. పావుగంటకి మించి వద్దు.

మంగళవారం కూనిరాగం. పెదాలు మూసుకుని, మాటలు లేకుండా, ఆడియోతో పాటే "ఊఁ ఊఁ" అంటూ ఎగుడు దిగుళ్లన్నీ అనుకరించాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. చెర్రీ ప్రయోగంలో జారిపోయింది ఇదే కాబట్టి, మాటల బెడద లేని రోజున దీన్నే ముందు నోటికి పట్టిస్తున్నాం. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవికి మీ గొంతు వినపడాలి.

బుధవారం కాగితం చూస్తూ మాటలు చేర్చండి. ఇక్కడే ఎక్కువ మంది జారిపడతారు. కన్ను చెవి కన్నా ముందు పరుగెడుతుంది, రాత ఎలా ఉంటే నోరు అలా పలికేస్తుంది, నిన్నటి రాగం గాలికి పోతుంది. అలా అవుతోందనిపిస్తే ఒకసారి మళ్లీ కూనిరాగానికి వెళ్లి, వెంటనే మాటలకి రండి. మాటలన్నీ అందకపోయినా ఫర్వాలేదు, గురువులు మాత్రం తప్పకూడదు. లఘువులు గొణిగినా సరే.

గురువారం కాగితం పక్కన పెట్టేయండి. ఎంత వెనక నడవాలని మీరు కిందటిసారి అడిగారు. 1973లో విలియం మార్స్లెన్-విల్సన్ చేసిన ప్రయోగంలో కొందరు సెకనులో నాలుగో వంతు తేడాతోనే వెంటపడగలిగారు. అంటే సుమారు ఒక అక్షరం వెనక. అంత దగ్గరగా నడుస్తూ కూడా, ఎక్కడైనా తప్పు పలికితే అది వాక్యానికి అర్థంలోనూ వ్యాకరణంలోనూ సరిపోయే మాటే అయింది, కాబట్టి వాళ్లు చిలకల్లా వల్లించడం లేదు, అర్థం చేసుకుంటూనే పలుకుతున్నారు. మనకి అంత దగ్గరితనం అక్కర్లేదు, ఒకటి రెండు మాటలు వెనకుంటే చాలు. వాక్యమంతా విని అప్పుడు చెబితే మాత్రం అది షాడోయింగ్ కాదు. విన్న ధ్వని అప్పటికి చెదిరిపోయి అర్థమే మిగులుతుంది, దాన్ని మీ పాత ఉచ్చారణతోనే మళ్లీ కట్టి చెబుతారు.

గురువారం నాటికి ముక్క కంఠతా వచ్చేస్తుంది, అదింకో చిక్కు. దానికి ఒక పరీక్ష ఉంది. ఎవరినైనా, మీ పాపనైనా సరే, మీకు చెప్పకుండా ఎక్కడో ఒకచోట ఆడియో ఆపమనండి. ఒకటి రెండు మాటల్లో మీరూ ఆగిపోతే వింటున్నట్టు. వాక్యం చివరిదాకా హాయిగా వెళ్లిపోతే చెవి ఎప్పుడో నిద్రపోయినట్టు, అప్పుడు ముక్క మార్చాల్సిందే.

శుక్రవారం ఆడియో లేకుండా, కాగితం చూసి మీరొక్కరే చదివి రికార్డు చేయండి. ముందు గడియారం చూడండి. ఆడియోలో మాట్లాడే ఆవిడ 30 సెకన్లలో చెప్పింది మీకు 38 పట్టిందనుకోండి, ఆ అదనం సాధారణంగా లఘువుల్లోనూ చివరి ఉకారాల్లోనూ దాక్కుని ఉంటుంది. అలాగని గబగబా చదివేస్తే లాభం లేదు, గురువులు కూడా కుదించుకుపోతాయి. తర్వాత ఒక్కో వాక్యం ఆవిడది, మీది ఒకదాని వెంట ఒకటి వినండి. కంప్యూటర్ ఉంటే Praat అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండూ తెరిచి చూడొచ్చు. ఆవిడ వాక్యంలో మూడు నాలుగు మెట్టలు, మధ్యలో సన్నటి సందులు కనిపిస్తాయి. మీది వరసగా ఒకే ఎత్తు పిట్టగోడలా ఉంటే, పని ఎక్కడ మిగిలిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతితో నెరవేరనిది కూడా ఒకటి చెప్పాలి. చెవికి తేడా తెలియని ధ్వనిని ఎన్నిసార్లు వెంటపడినా నోరు నేర్చుకోదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నెలలప్పుడు హిందీ ట, త తేడా పట్టుకోగలిగారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు చాలావరకు పోయింది. మనకీ అంతే, మన భాషలో లేని తేడాల దగ్గర చెవి ఎప్పుడో తలుపులేసుకుంది. ద్రాక్షతీగకీ ద్రాక్షసారాకీ ఇంగ్లీషులో ఉన్న మాటలు రెండూ మన లిపిలో "వైన్" అనే రాస్తాం, మన చెవికీ ఒకటే. అద్దం ముందు నిలబడి, తీగకైతే పై పళ్లు కింది పెదవిని తాకేలా, సారాకైతే పళ్లు తగలకుండా పెదాలు గుండ్రంగా చుట్టేలా విడిగా సాధన చేయాలి. అది వచ్చే నెల చూద్దాం, ఇప్పుడు రెండూ కలిపితే ఏదీ నిలవదు. అమెరికన్ యాస తెచ్చుకోవాలన్న టెన్షన్ కూడా వద్దు. మీ "ట"లు మన "ట"ల్లాగే ఉన్నా క్లయింటుకి అర్థమవుతాయి. గురువు తప్పు చోట పడితేనే అర్థం తారుమారవుతుంది.

శనివారం అసలు పని. నేర్చిన రాగం ఆ ముక్కకే అతుక్కుపోకుండా, మీ ఆఫీసు మాటల్లోకి రావాలి. "క్యాన్" ఉన్న వాక్యాలు ఐదు మీరే రాసుకోండి, "క్యాంట్" ఉన్నవి ఐదు. అన్నిట్లో గురువులు గుర్తు పెట్టి, ముందు కూనిరాగం తీసి, తర్వాత మాటలతో చెప్పండి. పదీ కలగాపులగంగా చదివి నాకు వాయిస్ మెసేజ్ పంపండి, కాగితం మాత్రం పంపకండి. ఏది అవునో ఏది కాదో వినే రాసి, ఆదివారం సాయంత్రానికి మీకు పంపుతాను.