250 పేజీలకు ఎన్ని అంకెలు?

పిల్లలూ,

కొత్త నోటుబుక్కుకి మొదటి నుంచి చివరిదాకా తనే పేజీ నంబర్లు వేసిందట చిన్నీ. వేళ్లు నొప్పి పుట్టాయని రాసింది. "మొత్తం 250 పేజీలు తాతయ్యా! 250 అంకెలు రాయడానికే ఇంత గోలా అని అన్నయ్య వెక్కిరిస్తున్నాడు. నేను రాసింది అంతేనా?" అని అడిగింది.

అంతే కాదు. అన్నయ్య పేజీల్ని లెక్కపెట్టాడు, నొప్పి పుట్టింది అంకెలు రాసిన వేళ్లకి. 137 ఒక్క పేజీ నంబరే అయినా 1, 3, 7 అని మూడు అంకెలు రాయాలి కదా. మరి చిన్నీ మొత్తం ఎన్ని అంకెలు రాసిందో చూద్దాం.

1 నుంచి 9 దాకా పేజీకి ఒక్క అంకె. అంటే 9. పది నుంచి 99 దాకా రెండేసి అంకెలు. ఆ పేజీలు 90 కాబట్టి 180. ఇప్పటికి 189 అయ్యాయి. ఇక 100 నుంచి 250 దాకా మూడేసి అంకెలు. ఇక్కడే చాలామంది జారిపడతారు. 250లోంచి 100 తీసేసి 150 పేజీలు అనేస్తారు. అలా తీసేస్తే 100వ పేజీ కూడా పోతుంది, దాని మీద మాత్రం మూడు అంకెలు ఉండనే ఉన్నాయి. తీసేయాల్సింది అంతకుముందు అయిపోయిన 99 పేజీల్నే. కాబట్టి మిగిలేవి 151. మూడుతో గుణిస్తే 453. అన్నీ కలిపితే 642.

జారిపడినవాళ్లకి 639 వస్తుంది. చూడ్డానికి అదీ సరిగ్గానే కనిపిస్తుంది! అందుకే ఏ లెక్కనైనా ఇంకో దారిలో కూడా చేసి చూడమంటాను. మొదటి దారిలో దొర్లిన తప్పు రెండో దారిలో కూడా అలాగే దొర్లడం అరుదు.

రెండో దారి ఇది. ప్రతి పేజీ నంబరుకీ ముగ్గురు కూర్చునే బెంచీ ఒకటి ఇచ్చామనుకోండి. కుడి చివర ఒకట్ల అంకె, మధ్యలో పదుల అంకె, ఎడమ చివర వందల అంకె కూర్చుంటాయి. 250 బెంచీలు వరసగా వేస్తే మొత్తం 750 చోట్లు. ఇప్పుడు కూర్చున్నవాళ్లని వదిలేసి ఖాళీలు చూడండి. ఎడమ చివర ఎవరూ లేని బెంచీలు ఎన్ని? 1 నుంచి 99 దాకా, అంటే 99. మధ్యలో కూడా ఎవరూ లేనివి మొదటి 9. కుడి చివర ఒక్క ఖాళీ కూడా లేదు. మొత్తం ఖాళీలు 108. 750లోంచి 108 పోతే 642. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కాబట్టి ఇక అన్నయ్యతో ధైర్యంగా వాదించవచ్చు.

బెంచీ దగ్గర ఇంకాస్త ఆగుదాం, నాకు అది నచ్చింది. ఖాళీ చోటు వేరు, సున్నా వేరు. 105లో మధ్యన ఉన్న సున్నా బెంచీ మీద దర్జాగా కూర్చున్నట్టే లెక్క, దాన్నీ రాయాల్సిందే. 5వ పేజీకి మాత్రం మధ్యలో ఎవరూ లేరు. రసీదు పుస్తకాల మీద నంబర్లు కొట్టే మెషీన్ చాలాసార్లు ఈ ఖాళీల్ని కూడా సున్నాలతో నింపేసి 005 అని కొడుతుంది. చిన్నీ కూడా అలాగే వేసి ఉంటే మొత్తం 750 అంకెలు రాయాల్సి వచ్చేది.

ఇంకో మాట అడుగుతాను. ఈ 642లో ఏ అంకె ఎక్కువసార్లు వచ్చి ఉంటుంది? నాకు ఈ సంగతి చిన్నప్పుడే తెలుసు, లెక్క వేసి మాత్రం కాదు. మా చిన్నాన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్. చెక్క కేసులో చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో సీసపు అక్షరం. బడి అయ్యాక వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. అచ్చయిపోయిన అక్షరాల్ని మళ్లీ ఎవరి అరలోకి వాళ్లని చేర్చడం నాకిచ్చిన పని. పేజీ నంబర్ల వంతు వచ్చేసరికి 1 అంకెలు గుప్పెళ్లతో వచ్చేవి, 8లూ 9లూ అక్కడొకటి ఇక్కడొకటి. ఎందుకలా అని అడిగితే చిన్నాన్న పని ఆపకుండానే "నూరు దాటాం కదరా" అనేవాడు.

అసలు కారణం అదే. 100 నుంచి 199 దాకా ప్రతి బెంచీ మీదా ఎడమ చివర 1 కూర్చుంటుంది. అక్కడే వంద. 10ల్లో, 110ల్లో, 210ల్లో మధ్య చోటున పదేసి చొప్పున ఇంకో 30. కుడి చివర ప్రతి పదికీ ఒకసారి, అంటే 25. మొత్తం 155 ఒకట్లు. అలాగే చూస్తే 2 అంకెలు 106. 3లూ 4లూ చెరి 55. తర్వాత 6, 7, 8, 9, సున్నా తలా 45. మరి 5 మాత్రం 46, ఎందుకో తెలుసా? పుస్తకం సరిగ్గా 250 దగ్గర ఆగింది, ఆ చివరి పేజీలోని 5 అదనంగా వచ్చి చేరింది. ఇవన్నీ కూడి చూడండి, 642 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక బెంచీ మరచిపోయినట్టే.

అలాగని ఆ రోజుల్లో ప్రెస్సులో ఒక పుస్తకానికి 155 సీసపు ఒకట్లు కొనిపెట్టుకునేవారు కాదు. పుస్తకం అంతా ఒక్కసారే పేర్చేవారు కాదు కదా. 16 పేజీలు ఒక ఫారంగా ఒకేసారి అచ్చు వేసి, ఆ అక్షరాల్నే విప్పి తర్వాతి ఫారానికి వాడుకునేవారు. 113 నుంచి 128 దాకా ఒక ఫారం అనుకుంటే, వందల చోట 16, పదుల చోట 7, ఇంకా 121 చివరన ఒకటి. కలిపి 24 ఒకట్లు ఉంటే ఆ ఫారం నంబర్లు గడిచిపోయేవి. ఉన్న వస్తువుని విప్పి మళ్లీ వాడుకోవడం ఎంత పొదుపో ఆ స్టూలు మీదే నాకు అర్థమైంది. మీరు కూడా సగం వాడిన పెన్సిళ్లు పారేయకండి.

ఇక మీ పని. ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి తీసి చివరి పేజీ నంబరు చూడండి. మొదటి పేజీల మీద కొన్నిచోట్ల నంబరు అచ్చు వేయరు, అట్ట తర్వాత వచ్చే పేజీ మీద అసలే వేయరు. కాబట్టి నిజంగా కనిపించే నంబర్లనే లెక్కలోకి తీసుకోండి. మీ లెక్క అయ్యాక ఇంకొకటి. ఎవరో ఒకాయన సరిగ్గా 1000 అంకెలు పెట్టుకుని 1వ పేజీ నుంచి నంబర్లు వేస్తూ పోయాడనుకోండి. ఆయన ఒక పేజీ మీద నంబరు సగంలో ఉండగానే ఆగిపోతాడు. ఏ పేజీ మీద, ఏ అంకె రాసి ఆగిపోతాడో కనిపెట్టి నాకు ఉత్తరం రాయండి. మొదట 189 తీసేయడం మరచిపోవద్దు.

మీ
తాతయ్య