బియ్యం ధర పెరిగితే తగ్గేది చేప

కోనసీమలో మా వీధిలోకి ఆదివారం పొద్దున్నే ఒకావిడ చేపల గంపతో వస్తుంది. బొచ్చె, శీలావతి, గంప అడుగున ఎండు నెత్తళ్ళ పొట్లం. బియ్యం ధర పెరిగిన నెలలో పక్కింటి పిన్ని గుమ్మంలోంచే చెయ్యి ఊపేసింది. "ఏంటి వదినా, ఈ వారం కూడా వద్దా? పోయిన వారం రేటే కదా!" అంది గంపావిడ. నిజమే, చేప ధర రూపాయి కూడా పెరగలేదు. పెరిగింది బియ్యం ధర. మరి పిన్ని బియ్యం కొనడం తగ్గించిందా అంటే, పచారీ కొట్లో అడిగి చూడండి, దాదాపు పాత లెక్కే తీసుకెళ్ళింది.

ఇదెలా జరుగుతుందో చూడాలంటే ఆ ఇంటి లెక్క విప్పాలి. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. ఇంట్లో నలుగురు. మనిషికి ఐదు కిలోల చొప్పున 20 కిలోల కోటా బియ్యం ఉచితంగా వస్తాయి. అవి నెల సగంలోనే అయిపోతాయి. ఆ తర్వాత కొట్లో ముతక బియ్యం, కిలో 40 రూపాయల చొప్పున 25 కిలోలు, అంటే 1000 రూపాయలు. పిన్ని చేతిలో వంటింటికి ఉండేది నెలకి 5000. ఇప్పుడు కిలో 50 అయింది. పాత 25 కిలోలే కావాలంటే 250 రూపాయలు ఎక్కువ పెట్టాలి.

ఈ ఒక్క మార్పులో రెండు పనులు కలిసి జరుగుతాయి. మొదటిది, ఇడ్లీరవ్వతోనో గోధుమపిండితోనో పోలిస్తే బియ్యం ఖరీదైన సరుకైంది. రాత్రి అన్నం బదులు చపాతీ చేస్తే కాస్త కలిసొస్తుంది. దీన్ని ప్రత్యామ్నాయ ప్రభావం అంటారు. రెండోది, పిన్ని ఇల్లు 250 రూపాయల మేరకు పేదదైంది. జీతం కోయకుండానే జేబు చిన్నదైంది. ఇది ఆదాయ ప్రభావం. రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి కొట్టువాడి పుస్తకం చూస్తే దేని వాటా ఎంతో తెలియదు.

వాటిని విడదీయడానికి 1915లో స్లట్‌స్కీ అనే ఆర్థికవేత్త ఒక ఇటాలియన్ పత్రికలో రాసిన వ్యాసంలో చక్కటి దారి చూపించాడు. ఊహలోనే ఒక పని చేద్దాం. ధర పెరిగిన రోజునే పిన్ని చేతిలో ఎవరో 250 రూపాయలు పెట్టారనుకోండి. ఇప్పుడు ఆమె పాత సరుకులన్నీ పాత మోతాదుల్లోనే కొనగలదు. ఆమె పేదది కాలేదు, ధరల పోలిక మాత్రమే మారింది. అయినా 25 కిలోలే కొంటుందా? కొనదు. రెండు పూటలు చపాతీ చేసి 24 కిలోలతో సరిపెడుతుంది. బియ్యానికి 1200 అవుతాయి, మిగిలిన 50 రూపాయలు గోధుమపిండికో కోడిగుడ్లకో వెళ్తాయి. ఆ తగ్గిన కిలోయే ప్రత్యామ్నాయ ప్రభావం.

ఇప్పుడు ఆ 250 వెనక్కి తీసేసుకోండి. వంటింటి డబ్బులో ఐదు శాతం పోయింది. నూనె, ఉప్పు, పప్పు తప్పవు. పోగలిగింది ఆదివారం చేప. చేప పోతే కంచంలో పులుసు తగ్గి చారు పెరుగుతుంది, కడుపు నిండడానికి ఇంకో రెండు ముద్దలు అన్నం పడుతుంది. అందుకే బియ్యం అర కిలో పైకి లేచి 24.5 అవుతుంది. ఇది ఆదాయ ప్రభావం. చూడండి, ఇది మొదటిదానికి ఎదురు దిక్కున లాగుతోంది. చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఎక్కువగా కొనే సరుకుని అర్థశాస్త్రంలో నాసిరకం వస్తువు అంటారు. నాకు ఆ మాట నచ్చదు, బియ్యంలో నాసి ఏమీ లేదు. ఆ ఇంట్లో ఆకలికి అన్నిటికన్నా చవగ్గా బదులు చెప్పేది అదే, అంతే.

చివరికి బియ్యం తగ్గింది అర కిలో. బియ్యం ఖర్చు మాత్రం 1225 అయింది, అంటే 225 పెరిగింది. ఆ 225 మిగతా సరుకుల్లోంచే రావాలి. చేపలగంప ఖాళీ కాకపోవడానికి కారణం ఇక్కడుంది. బియ్యం ధర దెబ్బ బియ్యం అమ్మకాల్లో కనిపించదు, దాని పక్క సరుకులో కనిపిస్తుంది. "జనం బియ్యం కొంటూనే ఉన్నారు, కాబట్టి ఇబ్బంది లేదు" అని ఎవరైనా అంటే, పిల్లల కంచంలో గుడ్డు ఉందో లేదో చూసి మాట్లాడమనాలి.

ఇదే ఇంకా పేద ఇంట్లో అయితే? వంటింటికి 2000 మాత్రమే ఉండి, అందులో 1000 బియ్యానికే పోతుందనుకోండి. అదే 250 ఇప్పుడు పన్నెండున్నర శాతం. జేబు అదే పాళ్ళలో లాగితే బియ్యం అర కిలో కాదు, కిలో పైన మరో పావు కిలో దాకా పెరుగుతుంది. చపాతీ తగ్గించిన కిలోని అది దాటేస్తుంది. ధర పెరిగాక బియ్యం ఎక్కువ కొంటారు! దీనికి గిఫెన్ వస్తువు అని పేరు. మార్షల్ అనే ఆర్థికవేత్త తన అర్థశాస్త్ర గ్రంథంలో గిఫెన్ అనే గణాంకవేత్త పేరు మీద ఈ మాట చెప్పాడు. కానీ చాలాకాలం నమ్మదగ్గ ఉదాహరణ దొరకలేదు. కరువులో బంగాళాదుంప ధర పెరిగినా పేదలు దాన్నే ఎక్కువ కొన్నారని ఐర్లండ్ కథ అందరూ చెబుతారు గానీ, కరువులో పంటే పోయినప్పుడు ఊరంతా ఎక్కువ దుంపలు ఎలా తింటుంది?

ఊరికే ధరలు, కొనుగోళ్ళు పక్కపక్కన పెడితే తేలదు. ధర పెరిగే నెలలోనే కూలి రేటు మారుతుంది, పంట వస్తుంది, పండగ వస్తుంది. అందుకే జెన్సెన్, మిల్లర్ అనే ఇద్దరు చైనాలో లాటరీ పద్ధతిలో ఎంచిన పేద కుటుంబాలకు ముఖ్య ఆహారం మీద తగ్గింపు కూపన్లు ఇచ్చి చూశారు. 2008లో ఫలితం అచ్చయింది. అక్కడి హునాన్ రాష్ట్రంలో బియ్యం చవకైనప్పుడు ఆ ఇళ్ళు బియ్యం తగ్గించాయి, కూపన్ ఆపగానే పెంచాయి. అయితే బొత్తిగా లేని ఇళ్ళలో అలా జరగలేదు. వాళ్ళు అప్పటికే దాదాపు అన్నం మీదే బతుకుతున్నారు, తీసేయడానికి పక్కన కూరే లేదు.

మన దగ్గర ఆ అంచుకి చేరనీయకుండా అడ్డుపడేది కోటా బియ్యం. పిన్ని 45 కిలోలూ కొట్లోనే కొనాల్సి వస్తే, కిలోకి పది రూపాయల పెంపు ఆమెకి 250 కాదు, 450 భారం అయ్యేది. ఆదాయ ప్రభావం పనిచేసేది బజార్లో కొన్న బియ్యం మీదే.

ఇదే లెక్క కాలవ అవతల రైతు ఇంట్లో తలకిందులవుతుంది. సార్వా పంటలో తిండికి పది బస్తాలు ఉంచుకున్నాడనుకోండి. 75 కిలోల బస్తాలు పది ఆడిస్తే సుమారు 500 కిలోల బియ్యం. ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఊరికే వచ్చినట్టు కాదు, తిన్న ప్రతి బస్తా అమ్మని బస్తా. కాబట్టి ప్రత్యామ్నాయ ప్రభావం ఆ ఇంట్లోనూ ఉంటుంది. అయితే అమ్మడానికి ఇంకా ముప్ఫై బస్తాలున్న మనిషికి ధర పెరిగితే జేబు పెరుగుతుంది. ఆ ఆదివారం గంపావిడ గట్టు దాటి అటు వెళ్ళొచ్చు.

కౌలు రైతు మాత్రం రెండు వైపులా ఉంటాడు. కౌలు బస్తాలు కొలిచిచ్చి, పెట్టుబడి అప్పు తీర్చడానికి కళ్ళంలోనే మిగతా ధాన్యం అమ్మేస్తే, డిసెంబరులో అతను అమ్మేవాడు. దాళ్వా కోతకి ముందు, ఇంట్లో గింజలు అయిపోయి కొట్టుకి వెళ్ళిన రోజున కొనేవాడు. ధర పెరిగింది ఆ మధ్యలో అయితే పంట పండించిన ఇంట్లోనే చేప మానేస్తారు.