మొరాయించిన ఆయిల్ ఫిల్టర్: బెల్టుకు లొంగేది, స్క్రూడ్రైవర్‌కు చిరిగేది

కారు ఇంజిన్‌కు తిప్పి బిగించే ఆయిల్ ఫిల్టర్ నిజానికి ఒక పలుచని రేకు డబ్బా. దాని మూతి దగ్గర మాత్రం మందమైన ఉక్కు పళ్లెం, ఆ పళ్లెం మీద రబ్బరు రింగు ఉంటాయి. రింగు ఇంజిన్‌కు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. రింగుకు ఆయిల్ రాయకుండా బిగించినా, పానాతో అతిగా బిగించినా, ఆ రబ్బరు ఇంజిన్ వేడికి గట్టిపడి లోహాన్ని పట్టేస్తుంది. చాలాసార్లు మొరాయించేది మర కాదు, ఈ రింగే.

76 మి.మీ. వ్యాసమున్న ఫిల్టర్‌ను కదపడానికి 40 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలనుకుందాం. అంటే డబ్బా చుట్టుకొలత వెంబడి మొత్తం సుమారు 107 కిలోల బలం పడాలి. పిడికి బెల్టు తగిలించిన పానా, అంటే స్ట్రాప్ రెంచ్ గొప్పతనమేమిటంటే, ఈ బలాన్ని ఒకచోట గుచ్చకుండా బెల్టు పొడవునా పంచుతుంది. పైగా పిడిని లాగేకొద్దీ బెల్టు తనంతట తానే బిగుసుకుంటుంది. బెల్టు డబ్బాను 330 డిగ్రీల మేర చుట్టి, ఘర్షణ గుణకం 0.3 ఉంటే, ఒక కొస లాగుడు రెండో కొస కంటే ఐదున్నర రెట్లు ఎక్కువైనా బెల్టు జారదు. అదే డబ్బాకు ఆయిల్ అంటి గుణకం 0.1కి పడిపోతే, రెండు రెట్లు కూడా ఆగదు. అందుకే ముందు డబ్బాను శుభ్రంగా తుడవాలి; అయినా జారితే, గరుకు రెండు వైపులా పైకి ఉండేలా మడిచిన ఉప్పు కాగితాన్ని బెల్టు కింద పెట్టాలి. బెల్టును పళ్లేనికి వీలైనంత దగ్గరగా వేయాలి, ఎందుకంటే అక్కడే రేకుకు దన్ను ఉంటుంది. తిప్పేది మాత్రం డబ్బా అడుగు వైపు నుంచి చూసినప్పుడు అపసవ్య దిశలోనే. డబ్బా కదలకుండా నొక్కుకుపోతుంటే బెల్టు దూరంగా పడిందని అర్థం.

డబ్బాలో స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పే పద్ధతి చూడటానికి వీరోచితంగా ఉంటుంది గానీ, లెక్క వేస్తే దాని బలహీనత తెలుస్తుంది. ఒక పక్క నుంచి రెండో పక్కకు గుచ్చిన స్క్రూడ్రైవర్‌ను డబ్బా మధ్య నుంచి 20 సెం.మీ. దూరంలో పట్టుకుంటే 20 కిలోల బలం చాలు. కానీ దగ్గరి రంధ్రం అంచు మీద దాదాపు 60 కిలోలు పడుతుంది. అర మిల్లీమీటరు రేకు అంత బలానికి నిలవక, ఫిల్టర్ తిరగకుండానే చీలికగా సాగిపోవచ్చు. కాబట్టి ఇది ఆఖరి మార్గం. ముందు ఇంజిన్ అడుగున ఉండే సంపు నుంచి ఆయిల్ దించి, కింద ఆయిల్ పట్టే తొట్టి పెట్టుకుని, మూతి దగ్గర లోపలికి పొడుచుకువచ్చే మర కడ్డీ అయిన ఇంజిన్ స్టడ్‌కు తగలనంత దూరంలో గుచ్చాలి.

చీలిక మొదలయ్యాక ఇంకా లాగితే డబ్బా ఊడి చేతికొచ్చి, పళ్లెం మాత్రం ఇంజిన్‌కే మిగులుతుంది. అప్పుడు పళ్లెం అంచుకు ఉలి ఆనించి, ఇంజిన్ ముఖానికి గీత పడకుండా, విప్పే దిశలో చిన్న దెబ్బలు వేయాలి. ఎలా ఊడినా, పాత రింగు ఇంజిన్‌కు అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయిల్ ఒత్తిడికి రింగు పక్కకు జరిగి, ఆయిలంతా నిమిషాల్లో నేలపాలు కావచ్చు.